గుడి గోడ మీద శ్లోకం: అది ‘గౌరీ’నా, ‘గౌరి’నా?

సంక్షిప్తంగా: విజయవాడ, గుంటూరు ప్రాంతాల అమ్మవారి గుళ్లలో ఎక్కువగా కనిపించే శ్లోకం ‘సర్వమంగళ మాంగల్యే’. ఒక గోడ ఫోటోలో ఉన్న పాఠాన్ని మూలంతో పోల్చితే నాలుగు పాదాల్లోనూ తేడాలు కనిపిస్తాయి. ఈ తేడాల్లో చాలావాటికి కారణం నిర్లక్ష్యం కాదు. సంస్కృత శ్లోకం తెలుగు చెవికి, తెలుగు నోటికి తగ్గట్టు మారిపోవడమే. శ్లోకంలో ఉన్నవన్నీ పిలుపులు. ఒక్క క్రియ ‘అస్తు’.

ఫోటోలో ఉన్నది

విజయవాడ వన్‌టౌన్‌లో ఒక చిన్న అమ్మవారి గుడి. లోపలి గోడకు పసుపు రంగు, దాని మీద ఎర్ర పెయింటుతో నాలుగు వరుసలు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా:

సర్వ మంగళ మాంగళ్యే
శివే సర్వార్ధ సాధకే
శరణ్యే త్రయంబకే గౌరీ
నారాయణీ నమోస్తుతే

దసరాకు ఇంద్రకీలాద్రి క్యూలైన్లో నిలబడినవాళ్లలో ఈ శ్లోకం నోటికి రానివాళ్లు తక్కువ. కానీ అర్థం అడిగితే ‘మంగళం’, ‘శివ’, ‘శరణు’, ‘గౌరి’, ‘నారాయణ’ అన్న తెలిసిన మాటలను పట్టుకుని మిగతాది ఊహించుకోవడమే ఎక్కువ. ఆ ఊహలో మూడు ప్రశ్నలు తరచూ మిగిలిపోతాయి. మాంగల్యం అంటే తాళిబొట్టేనా? గౌరి శివుడి భార్య అయితే పక్కనే నారాయణి ఎందుకు వచ్చింది? చివర ‘స్తుతే’ అంటే స్తుతించడమా?

మూల పాఠం ఇది:

సర్వమంగళమాంగల్యే శివే సర్వార్థసాధికే ।
శరణ్యే త్ర్యంబకే గౌరి నారాయణి నమోఽస్తు తే ॥

కొన్ని ప్రతుల్లో మొదటి పాదం ‘సర్వమంగలమంగల్యే’ అని ఉంటుంది. అర్థం మారదు. సంస్కృతంలో ‘మంగల’ అని రాసేదాన్ని మనవైపు ‘మంగళ’ అనడం మామూలే కాబట్టి దాన్ని తప్పుల లెక్కలో వేయనక్కర్లేదు. ‘మాంగళ్యే’ మాత్రం ఆ అలవాటును ఒక అడుగు ముందుకు తీసుకుపోయింది. తెలుగులోనూ ‘మాంగల్యం’ అనే రాస్తాం.

ఎవరు, ఎప్పుడు అన్న మాట

ఈ శ్లోకం మార్కండేయ పురాణంలో భాగమైన దేవీ మాహాత్మ్యం లోనిది. దుర్గా సప్తశతి, చండీ సప్తశతి అని పిలిచేది దాన్నే. అందులో 13 అధ్యాయాలున్నాయి. పదో అధ్యాయంలో శుంభుడు హతమవుతాడు. పదకొండో అధ్యాయంలో ఇంద్రుడు మొదలైన దేవతలు అగ్నిని ముందుంచుకుని అమ్మవారిని స్తుతిస్తారు. దానికే నారాయణీ స్తుతి అని పేరు. అందులో వరుసగా చాలా శ్లోకాలు ‘నారాయణి నమోఽస్తు తే’ అనే పాదంతోనే ముగుస్తాయి. గోడ మీదున్నది వాటిలో ఒకటి.

ఈ సందర్భం తెలియకపోతే శ్లోకం వరం కోరుతున్నట్టు వినిపిస్తుంది. నిజానికి ఇందులో ‘ఇవ్వు’, ‘కాపాడు’ అనే క్రియే లేదు. దేవతలు అనుకున్న పని అయిపోయింది, శత్రువు పోయాడు, ఆ ఆనందంలో చేస్తున్న నమస్కారం ఇది. ‘సర్వార్థసాధికే’ అన్న పిలుపు బరువు అక్కడ తెలుస్తుంది. పని చేసిపెట్టు అని అడగడానికి కాదు, చేసిపెట్టావు అని ఒప్పుకోవడానికి ఆ మాట వచ్చింది.

పదాల అర్థం

సర్వమంగళమాంగల్యే: గోడ మీద మూడు ముక్కలుగా రాశారు కానీ ఇది ఒకే సమాసం. విడదీస్తే ‘సర్వేషాం మంగళానాం మాంగల్యా’, అంటే అన్ని మంగళాలకూ మంగళత్వాన్ని ఇచ్చేది. శుభకరమైనవి లోకంలో చాలా ఉన్నాయి, వాటిని శుభకరం చేసేది ఆమె. విష్ణు సహస్రనామం పూర్వభాగంలో ‘పవిత్రాణాం పవిత్రం యో మంగళానాం చ మంగళమ్’ అని చదువుతారు. అక్కడ పురుషుడి గురించి అన్న మాటే ఇక్కడ దేవి గురించి సమాసంగా కుదిరింది. మాంగల్యం అంటే తాళి అన్న అర్థం తెలుగు ఇళ్లలో బాగా పాతుకుపోయింది. అందుకే ఈ పాదాన్ని ముత్తయిదువతనానికి ముడిపెట్టి చెప్పడం వినిపిస్తుంది. ఆ మాటకు సంస్కృతంలో మొదటి అర్థం శుభత్వం, శుభకరమైనది. తాళికి ఆ పేరు వచ్చింది కూడా అది శుభకరం కావడం వల్లే.

శివే: ‘శివా’ అన్న స్త్రీలింగ శబ్దానికి సంబోధన. శివా అంటే శుభరూపిణి, శివుడి శక్తి అని రెండు అర్థాలూ పలుకుతాయి. ఇది శివుణ్ణి పిలవడం కాదు.

సర్వార్థసాధికే: సర్వ, అర్థ, సాధికా. ‘అర్థం’ అంటే తెలుగులో వెంటనే తోచేది మాటకు భావమో, డబ్బో. ఇక్కడ ప్రయోజనం, కోరదగినది అని అర్థం. ధర్మ అర్థ కామ మోక్షాలనే నాలుగు పురుషార్థాలనూ దీని కిందికి తెచ్చి చెప్పడం వాడుక. సాధికా అంటే సాధించి పెట్టేది.

శరణ్యే: శరణు పొందడానికి తగినది. ‘శరణం’ రక్షణ అయితే ‘శరణ్య’ ఆ రక్షణ ఇవ్వగలిగిన వ్యక్తి. ‘శరణు, శరణు’ అని అరిచేవాడి మాట కాదిది. ఎవరి దగ్గరికి పరుగెత్తాలో ఆమెకు పేరు.

త్ర్యంబకే: ‘అంబకం’ అంటే కన్ను. మూడు కళ్లున్నది. సూర్యుడు, చంద్రుడు, అగ్ని ఆ మూడు కళ్లని సంప్రదాయం.

గౌరి: తెల్లని, పసిమి ఛాయ గలది.

నారాయణి నమోఽస్తు తే: నారాయణీ, నీకు నమస్కారం అగుగాక. ఈ పాదంలో రెండు చిక్కులున్నాయి. వాటిని కాసేపాగి చూద్దాం.

గోడ మీద దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చింది

తెలుగులో మనిషిని పిలిచేటప్పుడు చివరి అచ్చును సాగదీస్తాం. అమ్మ ‘అమ్మా’ అవుతుంది, అక్క ‘అక్కా’ అవుతుంది. గౌరి అనే పిల్ల ఇంట్లో ఉంటే వంటింట్లోంచి వచ్చే కేక ‘గౌరీ!’ అనే. అంటే తెలుగులో పేరు హ్రస్వం, పిలుపు దీర్ఘం.

సంస్కృతంలో ఇది సరిగ్గా తలకిందులు. పేరు ‘గౌరీ’ అని దీర్ఘం. పిలిస్తే ‘హే గౌరి’ అని హ్రస్వం. ‘నదీ’ శబ్దం వల్లె వేసినవాళ్లకు ‘హే నది’ గుర్తుండే ఉంటుంది. నారాయణీ శబ్దమూ ఆ దారిలోనే ‘హే నారాయణి’ అవుతుంది. ఆకారాంతమైతే చివర ఏకారం వస్తుంది: రమా, హే రమే. ఆ లెక్కలోనే శివా ‘శివే’ అయింది, శరణ్యా ‘శరణ్యే’ అయింది, త్ర్యంబకా ‘త్ర్యంబకే’ అయింది.

ఇప్పుడు గోడను మళ్లీ చూస్తే విషయం తెలిసిపోతుంది. ఏకారంతో ముగిసిన పిలుపులను తెలుగు చెవి కదిలించలేదు, అవి అలాగే మిగిలాయి. ఇకారంతో ముగిసిన రెండు పిలుపులకు మాత్రమే దీర్ఘం వచ్చింది. అమ్మవారిని పిలుస్తున్నామని తెలిసిన మనిషి, తెలుగులో పిలిచినట్టు పిలిచాడు. భక్తిగా పాడేటప్పుడు పాదం చివర రాగం సాగడం కూడా దీనికి తోడవుతుంది. పాటలో సాగితే అది గొంతు సంగతి. గోడ మీద గుడిదీర్ఘం పెడితే అది ‘గౌరి’ అన్న పిలుపు కాదు, ‘గౌరీ’ అన్న ప్రథమా విభక్తి పేరు.

‘సాధకే’ ఎందుకు ప్రమాదం

ఉన్న తేడాల్లో అర్థాన్ని నిజంగా పక్కదారి పట్టించేది ఇదే. ‘సాధక’ అన్నది పుంలింగం. దాన్ని స్త్రీలింగం చేస్తే కకారానికి ముందున్న అకారం ఇకారమవుతుంది. నాయక నాయికా అయినట్టు, బాలక బాలికా అయినట్టు, సాధక సాధికా అవుతుంది. దాని పిలుపు ‘సాధికే’. తెలుగులో ‘సాధకుడు’, ‘సాధన’ తరచూ వింటాం. ‘సాధిక’ చాలా అరుదు. అందువల్ల చేతికి తెలిసిన మాటే వచ్చింది.

‘సాధకే’ అన్నది సంస్కృతంలో అసలు లేని రూపమైతే అది వట్టి అక్షరదోషంగా పోయేది. కానీ అది ఉంది. సాధక శబ్దానికి సప్తమీ విభక్తి ఏకవచనం ‘సాధకే’, అంటే ‘సాధకుడిలో’. పైగా పక్కనున్న ‘శివే’ కూడా, ‘శివ’ అనే పుంలింగ శబ్దానికి సప్తమి కాగలదు, ‘శివుడిలో’. కాబట్టి గోడ మీద రెండో వరుసను ఒక్కదాన్నే విడిగా తీసి సంస్కృతం వచ్చినవారికి చూపిస్తే, అది చక్కగా అన్వయిస్తుంది: ‘అన్ని ప్రయోజనాలనూ సాధించే శివుడిలో’. అమ్మవారి గుడిలో ఒక్క గుడి లోపిస్తే (అక్షరం మీది గుడి) శ్లోకం మధ్యలోకి శివుడొచ్చి కూర్చున్నాడు! మొదటి పాదం, మూడో పాదం స్త్రీలింగ సంబోధనలు కావడం వల్లే ఇది కుదరదని తేల్చగలం.

అదే వరుసలో ‘సర్వార్ధ’ కూడా ఉంది. ‘అర్ధ’ అంటే సగం, ‘అర్థ’ అంటే ప్రయోజనం. అర్ధరూపాయి, అర్ధరాత్రి ఒకవైపు. పరమార్థం, స్వార్థం ఇంకోవైపు. పలికేటప్పుడు ఈ తేడాను చాలామంది చూపించరు. చూపించకపోతే రాసేటప్పుడు చెయ్యి తడబడుతుంది. ఇది గోడలకే పరిమితం కాదు. ‘అర్ధం కాలేదు’ అని రాసేవాళ్లు ఎంతమందో లెక్కలేదు.

ఛందస్సుతో పరీక్ష

శ్లోకం సరిగ్గా ఉందా లేదా అని వ్యాకరణం తెలియకుండా కూడా కొంతవరకు చూడవచ్చు. ఇది అనుష్టుప్. పాదానికి 8 అక్షరాలు, మొత్తం 32. ప్రతి పాదంలోనూ అయిదో అక్షరం లఘువు, ఆరోది గురువు. ఏడోది ఒకటి, మూడు పాదాల్లో గురువు, రెండు, నాలుగు పాదాల్లో లఘువు. ఎనిమిదోది ఏదైనా చెల్లుతుంది.

గోడ మీద మూడో వరుస లెక్కపెడితే: శ, ర, ణ్యే, త్ర, యం, బ, కే, గౌ, రీ. తొమ్మిది వచ్చాయి. అయిదో చోట లఘువు ఉండాల్సింది పోయి ‘యం’ అనే గురువు కూర్చుంది. మూల పాఠం ప్రకారం శ, ర, ణ్యే, త్ర్యం, బ, కే, గౌ, రి. ఎనిమిది. అయిదోది ‘బ’ లఘువు, ఆరోది ‘కే’ గురువు, ఏడోది ‘గౌ’ గురువు. లెక్క సరిపోయింది. తప్పు ‘త్రయంబకే’లోనే ఉందని వేలు పెట్టి చూపించినట్టయింది.

సంధి కూడా ఇదే మాట చెబుతుంది. త్రి, అంబక కలిస్తే యణాదేశ సంధి. అతి, అంతం కలిసి అత్యంతం అయినట్టే త్ర్యంబక అవుతుంది. ‘త్రయ’తో కలిపితే సవర్ణదీర్ఘం వచ్చి ‘త్రయాంబక’ కావాలి. ‘త్రయంబక’ ఏ సంధిలోనూ పుట్టదు. ‘త్ర్య’లో మూడు హల్లులున్నాయి. పలకడానికీ, ఒకే అక్షరం కింద రెండు ఒత్తులు పేర్చి రాయడానికీ రెండూ కష్టమే. కవిత్రయం, మూర్తిత్రయం వంటి మాటలు ముందే తెలిసి ఉండడంతో నాలుక అటు జారుతుంది.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన ఉదాహరణ ఉంది. మృత్యుంజయ మంత్రం మొదటి పాదం ‘త్ర్యంబకం యజామహే’లో రాసినట్టు లెక్కపెడితే 7 అక్షరాలే వస్తాయి. ‘త్రియంబకం’ అని విడదీసి పలికితే 8 అవుతాయి. కాళిదాసు కుమారసంభవం మూడో సర్గలో ‘త్రియంబకం సంయమినం దదర్శ’ అని ఆ రూపాన్నే నేరుగా వాడాడు. కాబట్టి ఈ మాటకు ఒక అక్షరం పెరగడం కొత్త కాదు. అయితే పెరిగినప్పుడు అది ‘త్రి’ అయింది, ‘త్ర’ కాలేదు. మన శ్లోకంలో ఆ అదనపు అక్షరానికి చోటు కూడా లేదు.

ఈ పరీక్షకు హద్దులున్నాయి. ‘సాధికే’ బదులు ‘సాధకే’ అన్నా ఏడో అక్షరం లఘువే కాబట్టి లెక్క చెడదు. ‘గౌరీ’ పాదాంతంలో ఉంది కాబట్టి దీర్ఘమైనా ఛందస్సు పట్టించుకోదు. ‘నారాయణీ’లోని దీర్ఘం నాలుగో అక్షరం, అది పైన చెప్పిన సూత్రం పరిధిలోకే రాదు. ‘అర్ధ’, ‘అర్థ’ రెంటిలోనూ గురులఘువులు ఒకటే. గోడ మీది తేడాల్లో ఛందస్సు పట్టుకున్నది ఒక్కటే, మిగతావి పట్టుకోవాలంటే వ్యాకరణం దగ్గరికి, మాట అర్థం దగ్గరికి రావాల్సిందే. పాత శాసనాల్లో పద్యాలు ఉన్నప్పుడు అరిగిన అక్షరాన్ని ఊహించడానికి ఛందస్సు ఇలాగే దారి చూపుతుంది, ఇలాగే సగం దారిలో ఆగిపోతుంది. బెజవాడలోనే ఉన్న యుద్ధమల్లుడి శాసనం కూడా మధ్యాక్కర పద్యాల్లోనే ఉంది.

‘నమోస్తుతే’లో స్తుతి లేదు

చివరి పాదంలో మూడు మాటలున్నాయి: నమః, అస్తు, తే. నమః పక్కన అస్తు రాగానే విసర్గ ఓకారంగా మారి, అస్తులోని అకారం లోపిస్తుంది. అది లోపించిందని చెప్పడానికి పెట్టే గుర్తే ‘ఽ’, దాన్ని అవగ్రహం అంటారు. గోడ మీద అది ఎగిరిపోయింది. ఎగిరిపోవడమే కాక ‘తే’ వచ్చి ‘స్తు’కు అతుక్కుంది. దాంతో ‘నమో’, ‘స్తుతే’ అని రెండు మాటల్లా కనిపించి, రెండోది స్తుతి అనిపిస్తోంది.

‘అస్తు’ తెలుగువాళ్లకు కొత్త మాట కాదు. తథాస్తు దేవతలు తిరుగుతుంటారని పిల్లల్ని హెచ్చరిస్తాం కదా, ఆ తథాస్తులో ఉన్నది ఇదే: తథా, అస్తు, ‘అలాగే అగుగాక’. ఇక ‘తే’ అంటే ఇక్కడ ‘నీకు’. నమః అన్న మాట చతుర్థీ విభక్తిని కోరుతుంది, శివాయ నమః, గణేశాయ నమః అన్నట్టు. ‘తుభ్యం’ అనే చతుర్థీ రూపానికి పొట్టి రూపం ‘తే’. ‘తే’కు ‘నీ యొక్క’ అనే అర్థం కూడా ఉంది, కానీ నమః ఉన్నచోట ‘నీకు’ అనే తీసుకోవాలి.

ఈ పాదాన్ని అవగ్రహం లేకుండా ‘నమోస్తు తే’ అని రాసినా తప్పనలేం. చాలా అచ్చు పుస్తకాలు అలాగే వేస్తాయి. అసలు చిక్కు ‘తే’ ముందు ఖాళీ లేకపోవడం.

గౌరి పక్కన నారాయణి

తెలుగు వాడుకలో గౌరి అంటే పార్వతి. నారాయణి అంటే నారాయణుడి భార్య కాబట్టి లక్ష్మి అనుకోవడం సహజం. అప్పుడు ఒకే వరుసలో ఇద్దరు దేవతలను పిలిచినట్టవుతుంది. కానీ చివర ‘తే’ ఏకవచనం. నమస్కారం ఒకరికే.

ఈ చిక్కును విప్పే ఆధారం అదే స్తుతిలో ఉంది. స్తుతి మొదట్లోనే ఆమెను ‘త్వం వైష్ణవీ శక్తిః’ అన్నారు. అంటే నారాయణి అన్నది విష్ణుశక్తికి పేరు. ఆ తరువాత శ్లోకాల్లో హంసవిమానం మీద ఉన్న బ్రహ్మాణీ రూపాన్ని, త్రిశూలం, చంద్రుడు, సర్పం ధరించిన మాహేశ్వరీ స్వరూపాన్ని వర్ణిస్తారు. వాటి చివర కూడా పిలుపు ‘నారాయణి’ అనే. మాహేశ్వరి రూపంలో ఉన్న దేవిని నారాయణి అని పిలవడంలో ఆ దేవతలకు ఇబ్బంది లేనప్పుడు, గౌరి పక్కన నారాయణి ఉండడంలోనూ ఉండదు. దేవీ మాహాత్మ్యం దృష్టిలో రూపాలు వేరు, శక్తి ఒక్కటే. నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రి మీద ఒకే మూలవిరాట్టుకు ఒకరోజు మహాలక్ష్మిగా, మూలా నక్షత్రం రోజు సరస్వతిగా, ఇంకో రోజు మహిషాసురమర్దినిగా అలంకారం చేసేటప్పుడు కళ్లకు కనిపించేది ఇదే ఆలోచన.

మొత్తం భావం

అన్వయ క్రమంలో పెడితే శ్లోకం ఇలా ఉంటుంది: హే సర్వమంగళమాంగల్యే, హే శివే, హే సర్వార్థసాధికే, హే శరణ్యే, హే త్ర్యంబకే, హే గౌరి, హే నారాయణి, తే నమః అస్తు.

తెలుగులో: ‘మంగళాలన్నిటికీ మంగళమైనదానా, శుభరూపిణీ, అందరి సకల ప్రయోజనాలనూ నెరవేర్చేదానా, శరణు పొందదగినదానా, మూడు కన్నుల తల్లీ, గౌరీ, నారాయణీ, నీకు నమస్కారం.’ తెలుగు భావంలో గౌరీ, నారాయణీ అని దీర్ఘం పెట్టడం సరైనదే. అది తెలుగు పిలుపు.

సరిచేయాలంటే

ఫోటోలోని గోడను మళ్లీ సున్నం వేసి మొదటినుంచి రాయనక్కర్లేదు. ‘ర్ధ’ కింద ఒత్తులో ఒక చుక్క పెడితే అది ‘ర్థ’ అవుతుంది. ‘ధ’ తలకట్టు చెరిపి గుడి పెడితే ‘సాధికే’ వస్తుంది. ‘రీ’, ‘ణీ’ మీది దీర్ఘం కొసలు పసుపు రంగుతో కప్పేయవచ్చు. ‘మాంగళ్యే’లో ‘ళ్య’ను ‘ల్య’ చేయడానికీ ఒక అక్షరం చాలు. కష్టమల్లా మూడో వరుసలో ఉంది. ‘త్రయం’ రెండు అక్షరాల చోటు తీసుకుంది, అక్కడికి ‘త్ర్యం’ అనే ఒక్క అక్షరం రావాలి. ‘శరణ్యే’ తరువాత వరుస మొత్తాన్ని చెరిపి, ర ఒత్తు, య ఒత్తు రెంటికీ కింద జాగా వదిలి, ఆ వరుసను మళ్లీ రాయించుకోవాలి. నాలుగో వరుసలో ‘తే’ను కాస్త కుడికి జరిపితే సరిపోతుంది.